ఉదయం ఆరో నంబరు, సాయంత్రం ఎనిమిదో నంబరు: ఒక లెక్కల టీచర్ గారి పాదాల కేసు

జూలై రెండో వారంలో ఒక సాయంత్రం ఆరున్నరకి గుంటూరు కొత్తపేటలో ఉన్న మా క్లినిక్‌కి ఒక టీచర్ గారు వచ్చారు. వయసు 54. హైస్కూల్లో లెక్కలు చెబుతారు. రోజుకి ఆరు పీరియడ్లు, దాదాపు అన్నీ బోర్డు దగ్గర నిలబడే. క్లాసు రెండో అంతస్తులో. కాళ్లకి ఎనిమిదో నంబరు చెప్పులు ఉన్నాయి, చేతిలో ఉన్న సంచిలోంచి ఇంకో రెండు జతలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి ఆరు, ఇంకోటి ఏడు.

"ఏడాది నుంచి నంబరు పెంచుకుంటూ వస్తున్నాను బాబూ. పొద్దున వేసుకుంటే పడవల్లా ఉంటాయి. సాయంత్రం నాలుగయ్యేసరికి ఇవి కూడా కోసుకుపోతున్నాయి. తొమ్మిది కావాలంటే మగవాళ్లవి చూసుకోమన్నాడు షాపాయన."

నేను ఆర్థోటిస్టుని. కాళ్లకి సపోర్టులు, పాదాలకి తగిన చెప్పులు కొలిచి చేయించడం నా పని. ఇలాంటి సంచీలతో వచ్చేవాళ్లు నెలకి నలుగురైదుగురు ఉంటారు. ఈ కేసునే రాయడానికి కారణం, ఇందులో నేను కూడా ఒక తప్పు చేశాను. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ముందు చూసింది కాళ్లు, చెప్పులు తర్వాత

చెప్పులు విప్పించగానే మీగాలు మీద రెండు వేళ్ల వెడల్పున గాడి కనిపించింది. బొటనవేలికి పెట్టే ఉంగరంలాంటి బెల్టు కింద చర్మం ఎర్రగా కందింది. పక్క వేలికి మెట్టె ఉంది, నిండు చుట్టుది. వేలు ఉబ్బడంతో అది కదలడం లేదు, దాని మీదే చెప్పు ముందు బెల్టు ఎక్కి కూర్చుంది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదిలితే గుంట పడి, నెమ్మదిగా పూడింది. రెండు కాళ్లకీ వాపు ఉంది, ఎడమకాలికి కాస్త ఎక్కువ. ఎడమ పిక్క మీద నరాలు మెలికలు తిరిగి ఉన్నాయి.

పొద్దున లేచేసరికి వాపు ఉంటుందా అని అడిగాను. దాదాపు ఉండదన్నారు. ఈ ఒక్క ప్రశ్న చాలా చెబుతుంది. నిలబడి ఉన్నప్పుడు కాళ్లలోని రక్తం పైకి వెళ్లాలంటే పిక్క కండరం పిండాలి. నడిస్తే పిండుతుంది, బోర్డు దగ్గర ఊరికే నిలబడితే పిండదు. సిరల్లో కవాటాలు వదులైనవాళ్లకి ఒత్తిడి కిందే నిలిచి, నీరు చర్మం కింద కణజాలంలోకి ఊరుతుంది. రాత్రి పడుకుంటే తిరిగి సర్దుకుంటుంది. మన ఎండలకి రక్తనాళాలు వెడల్పవుతాయి కాబట్టి వేసవిలో, ఉక్కపోత రోజుల్లో ఇది ఇంకా పెరుగుతుంది.

మందుల చీటీ చూశాను. ఆరేళ్లుగా షుగరు. బీపీకి ఆమ్లోడిపిన్, అంతకుముందు 5 మి.గ్రా., ఎనిమిది నెలల కిందట 10 చేశారు. చీలమండల వాపు ఈ మందుకి బాగా తెలిసిన దుష్ఫలితం, మోతాదు పెరిగితే అదీ పెరుగుతుంది. ఆవిడ ఏడో నంబరు నుంచి ఎనిమిదికి మారింది కూడా ఆ రోజుల్లోనే. అయినా మందు ఆపమని చెప్పడం నా పని కాదు, ఆవిడ సొంతంగా ఆపకూడదు కూడా. కిడ్నీ, గుండె, థైరాయిడ్ ఒకసారి చూడమనీ, మందు సంగతి ఆలోచించమనీ ఉత్తరం రాసి ఫిజీషియన్ దగ్గరికి పంపాను. వాపు ఒక కాలికే ఉన్నట్టుండి వచ్చి పిక్క నొప్పి పెడితే, పడుకుంటే ఆయాసం వస్తే, పొద్దున ముఖం కూడా ఉబ్బితే, షుగరు ఉన్నవాళ్లకి ఒక పాదం ఎర్రగా వేడిగా అయితే, నేను చెప్పుల గురించి మాట్లాడను. అదే రోజు డాక్టరు దగ్గరికి పంపేస్తాను. ఈవిడకి అవేమీ లేవు.

షుగరు ఉంది కాబట్టి 10 గ్రాముల మోనోఫిలమెంటుతో అరికాలి స్పర్శ చూశాను. ఇది నైలాన్ పోగు, ఒంగేదాకా చర్మం మీద ఆనిస్తాం, కళ్లు మూసుకుని తగిలిందో లేదో చెప్పాలి. అన్ని చోట్లా తగిలిందన్నారు. ఈ పరీక్షకి చెప్పులతో సంబంధం ఏమిటంటే, స్పర్శ తగ్గినవాళ్లు "హాయిగా ఉంది" అన్నా నమ్మడానికి వీల్లేదు. వాళ్ల విషయంలో చర్మం మీద గుర్తుల్నే నమ్మాలి. ఈవిడ మాటని నమ్మవచ్చు.

నంబరు పెంచితే ఏమవుతుందో లెక్క

మర్నాడు స్కూలుకి వెళ్లేముందు ఏడుంపావుకి రమ్మన్నాను, మళ్లీ సాయంత్రం ఐదున్నరకి. మూడు చోట్ల బాల్ పెన్నుతో చుక్కలు పెట్టాను, టేపు ప్రతిసారీ అక్కడే పడాలి. వేళ్ల మొదళ్ల చుట్టూ, మీగాలు ఎత్తుగా ఉన్న చోట, చీలమండ దగ్గర. మిగతా మూడు రోజులు వాళ్ల కోడలు ఇంట్లోనే దర్జీ టేపుతో కొలిచింది. టేపు ఒకసారి బిగించి ఒకసారి వదులుగా పట్టుకుంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ప్రతి కొలత మూడుసార్లు తీసి మధ్యది రాయమన్నాను.

ఎడమ పాదం సగటు ఇలా వచ్చింది. పొడవు ఉదయం 241 మి.మీ., సాయంత్రం 243. వేళ్ల మొదళ్ల చుట్టుకొలత 228 నుంచి 237. మీగాలు 232 నుంచి 249. చీలమండ 226 నుంచి 247. కుడి పాదానికి తేడాలు కొంచెం తక్కువ, మీగాలు దగ్గర 12.

కాగితం ఆవిడ ముందు పెట్టాను. లెక్కల టీచరు కదా, నేను చెప్పకముందే అందుకున్నారు. "పొడవు పెరగనే లేదు కదా బాబూ!"

అసలు సంగతి అదే. మన దగ్గర దొరికే చెప్పుల్లో ఒక నంబరు పెరిగితే పొడవు మూడో వంతు అంగుళం, అంటే సుమారు 8.5 మి.మీ. పెరుగుతుంది. చుట్టుకొలత మాత్రం ఆరు మిల్లీమీటర్ల చొప్పునే పెరుగుతుంది. ఈవిడకి మీగాలు దగ్గర 17 మి.మీ. కావాలంటే దాదాపు మూడు నంబర్లు ఎక్కాలి, అప్పుడు పొడవు 25 మి.మీ. వృథాగా పెరుగుతుంది. ఆవిడ రెండు నంబర్లు ఎక్కారు. ఇంకా బిగుతుగానే ఉంది, పైగా చెప్పు పొడవు 17 మి.మీ. ఎక్కువైంది.

ఆ ఎక్కువ పొడవు ఊరికే ఉండదు. చెప్పు ఎక్కడ ఒంగాలో అక్కడ ఒంగేలా సోల్ చేస్తారు, అది మన వేళ్ల మొదళ్ల కిందకి రావాలి. ఎనిమిదో నంబరులో ఆ ఒంపు ఆవిడ వేళ్ల మొదళ్లకి ఒక సెంటీమీటరు ముందుకి పోయింది. ఉదయం పాదం సన్నగా ఉన్నప్పుడు మడమ వెనక జారుతుంది, చెప్పు ఊడకుండా వేళ్లు ముడుచుకుని పట్టుకోవాల్సి వస్తుంది. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయని ఆవిడ చెప్పింది దీనివల్ల కూడా కావచ్చనిపించింది. జూన్‌లో మెట్ల మీద ఒకసారి తూలి రెయిలింగు పట్టుకున్నారట. ఆ మాట అడిగితే గానీ చెప్పలేదు.

ఇంట్లో ఎవరైనా చేసుకోదగ్గ చిన్న పరీక్ష ఒకటి ఉంది. లోపలి ఇన్‌సోల్ బయటికి వచ్చే రకం అయితే దాన్ని తీసి నేల మీద పెట్టి, సాయంత్రం దాని మీద నిలబడి చూడండి. పాదం పక్కలకి పొర్లితే వెడల్పు చాలడం లేదు. ముందు బొటనవేలు దాటి ఒక వేలి వెడల్పు కన్నా బాగా ఎక్కువ మిగిలితే నంబరు పెద్దది. చాలామందికి రెండూ ఒకేసారి కనిపిస్తాయి. ఈవిడకి అదే.

నేను చేసిన తప్పు

మొదట నేను అల్లిక గుడ్డ చెప్పులు ఇచ్చాను. పైభాగమంతా స్పోర్ట్స్ షూలకి వాడే సాగే అల్లిక, కుట్లు లేవు, తొడుక్కోవడం తేలిక, వెడల్పు ఆరో నంబరు. వాపుకి మెత్తటి పైభాగం కావాలి, సాగే గుడ్డ అయితే పాదంతో పాటే సాగుతుంది అనుకున్నాను. ఈ మాట నేనే ఎంతోమందికి చెప్పి ఉంటాను.

నాలుగు రోజుల తర్వాత ఆవిడ వచ్చారు. "మెత్తగానే ఉన్నాయి. కానీ సాయంత్రం కాలు లోపల ఎవరో పట్టుకున్నట్టు బరువుగా ఉంటోంది." విప్పి చూస్తే అల్లిక డిజైను మీగాలు మీద అచ్చు పడింది. పై అంచుకి వేసిన ఎలాస్టిక్ చీలమండ చుట్టూ ఒక వలయం చేసింది. అరగంట కూర్చోబెట్టాను, ఎరుపు పోలేదు. విప్పాక ఇరవై, ముప్పై నిమిషాల్లో పోని ఎరుపు ఉంటే ఆ చెప్పు పనికిరాదని నా లెక్క.

ఆలోచిస్తే తెలిసే విషయమే. రబ్బరు బ్యాండు వేలికి వేసుకుంటే, వేలు లావయ్యేకొద్దీ అది వదులవదు, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సాగే గుడ్డ చోటిస్తుంది, కానీ ఇచ్చిన ప్రతి మిల్లీమీటరుకీ కొంచెం ఒత్తిడి వసూలు చేస్తుంది. తొమ్మిది మిల్లీమీటర్లకి అది పెద్దగా తెలియదు, పదిహేడుకి తెలుస్తుంది. బెల్టు అలా కాదు. విప్పి రెండు సెంటీమీటర్లు వదిలి మళ్లీ అంటిస్తే ఒత్తిడి ఉదయం ఎంత ఉందో అంతే ఉంటుంది. ఆవిడకి కావలసింది మీగాలు, చీలమండల దగ్గర విప్పి వదిలే బెల్టు, వేళ్ల దగ్గర మాత్రం సాగే గుడ్డ. నేను అన్ని చోట్లా ఒకే మందు వేశాను.

ఇంకో ఇబ్బంది కూడా బయటపడింది. పైభాగమంతా సాగితే పాదం పక్కకి జారడాన్ని ఆపేది ఏదీ ఉండదు. మెట్లు దిగేటప్పుడు పాదం బయటి అంచు సోల్ దాటి పొర్లుతోంది, అల్లిక గుడ్డ ఆ వైపు ఉబ్బి ఉంది. మెత్తటి పైభాగం కావాలన్నప్పుడు మడమ వెనక భాగం, సోల్ కూడా మెత్తగా ఉండాలని కాదు. మడమ చుట్టూ బొటనవేలితో నొక్కితే లొంగని గట్టి కప్పు ఉండాలి. సోల్‌ని రెండు చేతులతో మెలితిప్పితే గుడ్డలా తిరగకూడదు.

బెల్టు తోక పొడవు

ఈసారి మూడు బెల్టులున్న, మడమ మూసిన రెడీమేడ్ శాండల్ తీసుకున్నాం, ఆరో నంబరు, వెడల్పు రకం. ముందు, మధ్య, చీలమండ దగ్గర వెల్క్రో బెల్టులు. ఉదయం చక్కగా ఉంది. మూడో రోజు ఆరో పీరియడ్లో మధ్య బెల్టు దానంతటదే ఊడింది.

ఎందుకు ఊడిందో కొలిస్తే తెలిసింది. ఆ బెల్టు ఒక చదరపు రింగు గుండా వెళ్లి వెనక్కి మడిచి తన మీద తనే అంటుకునే రకం. ఉదయం వెల్క్రో 5 సెంటీమీటర్లు అంటుకుని ఉంది. మీగాలు దగ్గర 17 మి.మీ. వదలాలి. రింగు గుండా మడిచిన బెల్టులో ఒక సెంటీమీటరు చోటు కావాలంటే తోక రెండు సెంటీమీటర్లు వెనక్కి జరగాలి, ఎందుకంటే రింగుకి రెండు పక్కలా బెల్టు పెరగాలి. అంటే 34 మి.మీ. జరిగింది. అంటుకుని మిగిలింది 16 మి.మీ. మెట్లు ఎక్కేటప్పుడు మీగాలు పైకి నెడితే అది నిలవదు. కొనేటప్పుడు షాపులో ఉదయం పాదంతో చూసుకుంటే ఈ లోపం కనపడదు. నా చేతి లెక్క ఏమిటంటే బెల్టుని పూర్తిగా వదులు చేశాక కూడా 4 సెంటీమీటర్లు అంటుకుని ఉండాలి.

తోక పొడవు పెంచితే సరిపోతుందా అంటే, రింగు ఉంచితే ఉదయం బిగించినప్పుడు మూడున్నర సెంటీమీటర్ల తోక అదనంగా వేలాడి సోల్ అంచు దాటి నేలకి తగులుతుంది. అందుకని మా వర్క్‌షాపులో కుట్టే పెద్దాయన, నేను కూర్చుని రింగు తీసేశాం. బెల్టు లోపలి పక్క నుంచి వచ్చి బయటి పక్క నేరుగా అంటుకునేలా మార్చాం. ఇలా అయితే 17 మి.మీ.కి తోక 17 మి.మీ. జరిగితే చాలు. రింగు తీయడం అందరికీ కుదరదు. వేళ్ల కీళ్ల నొప్పులున్నవాళ్లకి లాగి బిగించడానికి రింగు సాయం చేస్తుంది. ఈవిడ చేతులు బాగానే ఉన్నాయి, తోక చివర బొటనవేలు పట్టేంత చిన్న లూపు కుట్టాం, అంతే.

ఇక్కడ చీర సంగతి చెప్పాలి. వెల్క్రోకి ఒక వైపు గరుకు, ఒక వైపు మెత్తన. గరుకు వైపు బయటికి కనపడితే చీర ఫాల్, లోపలి లంగా అంచు దారాలు లాగేస్తుంది. ఆ రెడీమేడ్ శాండల్లో బెల్టు వదులు చేసినప్పుడల్లా గరుకు ముక్క బయటపడేది. ఆవిడ బెల్టు వదులు చేయడానికి వెనకాడింది అందుకేనని రెండో వారంలో గానీ నాకు చెప్పలేదు, ఒక వెంకటగిరి చీర పాడైంది. మేం దాన్ని తిరగేశాం. గరుకు ముక్కని బెల్టు అడుగున 4 సెంటీమీటర్లు మాత్రమే పెట్టి, చెప్పు మీద మెత్త ముక్కని ఆరున్నర సెంటీమీటర్లు పొడవుగా కుట్టాం. బెల్టుని ఉదయం ఎక్కడ అంటించినా, సాయంత్రం రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపినా గరుకు ముక్క మొత్తం మెత్త ముక్క మీదే ఉంటుంది. బయటపడేది మెత్తదే, అది చీరని ఏమీ చేయదు. బెల్టు చివరలు బయటి పక్కకి రావడం కూడా అవసరం. లోపలి పక్క ఉంటే ఒక కాలి తోక రెండో చీలమండని రాసుకుంటుంది.

బెల్టు వెడల్పు 25 నుంచి 38 మి.మీ. చేశాం. అదే బిగింపు ఎక్కువ చోట పరుచుకుంటే గాడి తక్కువ పడుతుంది. అడుగున పలచటి ఫోమ్, దాని మీద మెత్తటి లైనింగు. అంచుని కత్తిరించి వదిలేయకుండా లైనింగుతోనే చుట్టి కుట్టాడు పెద్దాయన, గాయాలు చేసేది ఎక్కువగా ఆ కోసిన అంచే. బొటనవేలి ఉంగరం కత్తిరించి పడేశాం. అది ఏ వైపూ వదులయ్యేది కాదు. వేళ్ల మొదళ్ల మీద ఉన్న గట్టి రెక్సిన్ ముక్క తీసి సాగే మెత్తటి గుడ్డ వేశాం, అక్కడ తేడా తొమ్మిది మిల్లీమీటర్లే కాబట్టి అది సరిపోతుంది. మెట్టె గురించి మాట్లాడటానికి నాకు కొంచెం మొహమాటమే. ఆవిడే కంసాలి దగ్గర అతుకు తీయించి, మధ్యలో తెరిచి ఉండే చుట్టుగా మార్పించుకున్నారు.

ఈ మార్పులన్నిటికీ అయిన ఖర్చు, ఆవిడ మొదటి రోజు తెచ్చిన మూడు జతల్లో ఒక జత ధర కన్నా తక్కువే.

వదులు చేయడం ఒక అలవాటు

చెప్పు తయారైంది, కానీ వారం తర్వాత గాడి మళ్లీ పడింది, ముందుకన్నా తక్కువ. ఉదయం ఏడున్నరకి బిగించిన బెల్టుని సాయంత్రం ఐదింటిదాకా ముట్టుకోలేదు. క్లాసులో వంగి చెప్పులు సర్దుకుంటే పిల్లలు చూస్తారని. పైగా వాపు నెమ్మదిగా వస్తుంది, బిగుతైందని తెలిసేసరికి గాడి పడిపోయే ఉంటుంది.

ఇక అనిపించినప్పుడు కాకుండా గడియారం ప్రకారం వదలాలని నిర్ణయించుకున్నాం. మెత్త ముక్క మీద రెండు చోట్ల రంగు దారంతో చిన్న గీతలు కుట్టాం. ఆకుపచ్చ గీత ఉదయానిది, ఎర్ర గీత మధ్యాహ్నం తర్వాతది. లంచ్ బెల్ కొట్టాక స్టాఫ్ రూములో కూర్చుని ఎర్ర గీతకి జరపాలి. ఎడమ, కుడి పాదాలకి గీతలు ఒకే చోట లేవు, ఎందుకంటే వాపు ఒకే రకంగా లేదు. ఆ గీతలు చూసి పక్క టీచరు గారు "ఇదేం గ్రాఫమ్మా" అన్నారట.

వేసుకునే వరస కూడా మార్చాల్సి వచ్చింది. ఆవిడ ముందు బెల్టు నుంచి మొదలుపెట్టేవారు. అలా చేస్తే పాదం ముందుకి జారిన చోటే బిగుసుకుపోయి, మడమ వెనక ఖాళీ మిగులుతుంది. కూర్చుని, మడమని వెనక్కి రెండుసార్లు నేలకి తట్టి, ముందు చీలమండ బెల్టు, తర్వాత మీగాలుది, ఆఖర్న వేళ్ల దగ్గరది వేయాలి. చీలమండది మడమని వెనక్కి పట్టి ఉంచితే మిగతా రెండూ వదులుగా ఉన్నా పాదం జారదు. బెల్టు కింద ఒక వేలు దూరేంత ఉండాలి, రెండు దూరితే వదులు.

మగవాళ్ల సంగతి అడుగుతారు కాబట్టి ఒక మాట. యూనిఫారం బూట్లు తప్పనిసరి అయిన కండక్టర్లు, సెక్యూరిటీ వాళ్లు లేసుల బూట్లలో రెండు రకాలు గమనించాలి. లేసులు విప్పితే రెండు రెక్కలూ తలుపుల్లా పూర్తిగా తెరుచుకునేది ఒకటి, కింద కుట్టేసి 'వి' ఆకారంలో పైన మాత్రమే తెరుచుకునేది ఇంకోటి. రెండోది చూడటానికి బాగుంటుంది గానీ వాపు పాదానికి మీగాలు దగ్గర ఏమీ వదలదు. మొదటి రకం తీసుకుని, ఇన్‌సోల్ రెండు పొరలుగా పెట్టి, మధ్యాహ్నం ఒక పొర తీసేస్తే లోపల ఎత్తు పెరుగుతుంది. ఒక పొర మూడు మిల్లీమీటర్లున్నా తేడా బాగానే తెలుస్తుంది. లేసుల బదులు ఎలాస్టిక్ లేసులు వేస్తే మళ్లీ రబ్బరు బ్యాండు కథే.

ఆరు వారాల తర్వాత

ఈలోపు ఫిజీషియన్ పరీక్షలు చేయించారు. కిడ్నీ, గుండె, థైరాయిడ్ ఇబ్బంది లేదన్నారు. ఆమ్లోడిపిన్ మళ్లీ 5 మి.గ్రా.కి తగ్గించి, ఇంకో రకం బీపీ మందు కలిపారు. నీరు పోయే మాత్ర వేసుకుంటే సరిపోదా అని ఆవిడ అడిగారట. ఈ మందు వల్ల వచ్చే వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు, సన్నటి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి ఊరేది, అందుకే ఆ మాత్రకి పెద్దగా తగ్గదని డాక్టరు గారు చెప్పారు. కాళ్లలో రక్తప్రసరణ చూసి, మోకాలి కిందదాకా వచ్చే బిగుతు మేజోళ్లు కూడా రాశారు. ఆ ప్రసరణ చూడకుండా, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లు, మేజోళ్లు సొంతంగా కొని వేసుకోకూడదు. ఆగస్టు ఉక్కలో ఆవిడ మూడు రోజులు వేసుకుని మానేశారు. నవంబరులో చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టారు.

ఆరు వారాలకి మళ్లీ కొలిచాను. ఎడమ మీగాలు దగ్గర ఉదయం, సాయంత్రం తేడా 17 నుంచి 10 మి.మీ.కి తగ్గింది. ఇది చెప్పుల గొప్పతనం కాదు, మందు మార్చినందుకు. చెప్పు వాపుని తగ్గించదు, వాచిన పాదాన్ని కోయకుండా ఉంటుంది, అంతవరకే. అయితే తగ్గిన వాపుకి ఎర్ర గీత వదులైపోయింది. కొత్త చెప్పులు కొనాల్సిన పని లేకుండా దారం విప్పి గీతని ఏడు మిల్లీమీటర్లు ముందుకి జరిపాం. ఎనిమిదో నంబరు చెప్పులో ఇది కుదిరేది కాదు.

గాడి పోయింది. విప్పిన పావుగంటకి ఎరుపు ఉండటం లేదు. పిక్కలు పట్టేయడం బాగా తగ్గింది, కానీ అది మందు మార్పువల్లనో వేళ్లు ముడవడం మానినందువల్లనో విడదీసి చెప్పలేను.

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వచ్చారు, ఎడమ చీలమండ బెల్టు పట్టడం లేదని. చూస్తే గరుకు ముక్క సందుల్లో సుద్దపొడి, నూలు పీచు కూరుకుని ఉంది. బోర్డు దగ్గర పని కదా. పాత దువ్వెన పళ్లతో గీకి తీస్తే కొంత వచ్చింది. కొక్కేలు అప్పటికే ఒరిగిపోవడంతో కొత్త ముక్క కుట్టించాం. రోజూ వేసి విప్పేవాళ్లకి ఏడాదిలో ఒకసారైనా మార్చాలి, వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో దులిపితే ఇంకొన్నాళ్లు వస్తుంది.

ఒక్క సమస్యకి మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఫిబ్రవరిలో వాళ్లింట్లో పెళ్లి. పట్టుచీర, పొద్దున్నించి రాత్రిదాకా నిలబడటం, మండపంలో చెప్పులు లేకుండా గ్రానైటు మీద. ఇంట్లో కూడా సాయంత్రమంతా ఉత్తికాళ్లతో వంటగది గచ్చు మీదే. మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరుతో, వెనక బెల్టుతో ఇంట్లో వేసుకునే జత ఒకటి చేసిస్తానన్నాను. "వంటింట్లో చెప్పులా? మా అత్తగారు ఉన్నంతకాలం కుదరదు బాబూ," అన్నారు. స్టవ్ ముందు వేసుకోవడానికి మందపాటి రబ్బరు చాప తీసుకుంటానన్నారు. పెళ్లికి మాత్రం గంటకోసారి కూర్చుని కాళ్లు ఎత్తి పెట్టుకోమని కోడలికి అప్పగించాను.